రిసీవ్డ్ స్టాంపు మీది తేదీ: అది ఎవరి గడియారం?

సరుకు ఒకటే. బిల్లూ ఒకటే, 4 లక్షల రూపాయలు. డబ్బు కట్టాల్సిన ఆఖరి రోజు మాత్రం మూడు రకాలుగా తేలుతోంది. ఒక లెక్కలో 2025 మార్చి 31, ఇంకో లెక్కలో ఏప్రిల్ 1, మరో లెక్కలో ఏప్రిల్ 7. వీటిలో రెండు తేదీలను పుట్టించింది మనుషులు కాదు. పీడీఎఫ్ కాగితం మీద నొక్కగానే తేదీ, సమయం తమంతట తామే వచ్చి పడే రిసీవ్డ్, అప్రూవ్డ్ స్టాంపులు.

పాత రబ్బరు స్టాంపులో తేదీ చక్రాన్ని పొద్దున్నే ఎవరో ఒకరు తిప్పాలి. తిప్పడం మరిచిపోతే నిన్నటి తేదీయే పడుతుంది, పక్క సీటులోని గుమాస్తా పట్టేస్తాడు. కంప్యూటర్ స్టాంపుతో ఆ బాధ పోయిందనుకుంటాం. తేదీ దానంతటదే వస్తుంది కాబట్టి తప్పు ఉండదన్న నమ్మకం కూడా వెంట వస్తుంది. తప్పు ఎక్కడికీ పోలేదు. కళ్లకు కనిపించే చక్రం నుంచి కనిపించని సెట్టింగులోకి వెళ్లింది. అది ఎక్కడెక్కడ దాక్కుంటుందో, దాని ఖరీదు రూపాయల్లో ఎంతో అంకెలతోనే చూద్దాం.

సత్యవేడులో ఈ లెక్క ఎందుకు

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేదాకా సత్యవేడు చిత్తూరు జిల్లాలో ఉండేది. తమిళనాడు సరిహద్దున, సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామిక నగరం చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంది. జపాన్‌కు చెందిన ఇసుజు, కొబెల్కో, ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్టోమ్, అమెరికాకు చెందిన కోల్గేట్ పామాలివ్ వంటి సంస్థలు అక్కడ ఫ్యాక్టరీలు పెట్టాయి. పెద్ద ఫ్యాక్టరీ ఉన్న చోట దానికి అట్టపెట్టెలు చేసి ఇచ్చేవాళ్లు, చిన్న విడిభాగాలు తయారుచేసేవాళ్లు, యంత్రాలు బాగుచేసేవాళ్లు చుట్టూ ఉంటారు. వాళ్లిచ్చే చలాన్లు, బిల్లులు పీడీఎఫ్‌గా మారి, ఒక టేబుల్ దగ్గర రిసీవ్డ్, ఇంకో టేబుల్ దగ్గర అప్రూవ్డ్ అనిపించుకుని అకౌంట్స్‌కు చేరతాయి.

విదేశీ సంస్థల మధ్య ఈ కాగితం తిరగడంలో ఒక ప్రత్యేకత ఉంది. దాని మీద స్టాంపు వేసే ల్యాప్‌టాప్ ఏ దేశపు సమయంలో నడుస్తోందో బయటికి తెలియదు. కింద చెప్పే ఉదాహరణ ఏ కంపెనీదీ కాదు, లెక్క కోసం అల్లింది. అందులోని చట్టం, రేట్లు, గంటల తేడాలు మాత్రం నిజమైనవి.

సత్యవేడులో ఒకాయన అట్టపెట్టెలు తయారుచేస్తాడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమ. కొనే ఫ్యాక్టరీతో 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని రాతపూర్వక ఒప్పందం ఉంది. 2025 ఫిబ్రవరి 14, శుక్రవారం సాయంత్రం 6:20కి లారీ గేటు దాటింది, సరుకు దిగింది. రాత్రి 8:55కి సంతకం పెట్టిన డెలివరీ చలాన్‌ను స్కాన్ చేసి, ఫ్యాక్టరీ ఇచ్చిన స్టోర్స్ మెయిల్‌కు పంపారు. రాత్రి 9:10కి స్టోర్స్ మేనేజర్ దాన్ని తెరిచి రిసీవ్డ్ స్టాంపు వేశాడు. ఆయన ల్యాప్‌టాప్ జపాన్ ఆఫీసు నుంచి వచ్చింది, టైమ్ జోన్ టోక్యోదే ఉండిపోయింది. స్టాంపు మీద పడింది ఇది: 12:40 am, Feb 15, 2025. నాణ్యత విభాగం వాళ్లు పెట్టెలు చూసి, అభ్యంతరమేమీ చెప్పకుండా, ఫిబ్రవరి 21న అప్రూవ్డ్ స్టాంపు వేశారు.

మొదట చెప్పిన మూడు తేదీలు ఇక్కడి నుంచే వచ్చాయి. ఫిబ్రవరి 14 నుంచి 45 రోజులు లెక్కిస్తే మార్చి 31. ఫిబ్రవరికి మిగిలిన 14 రోజులు, మార్చి 31 రోజులు కలిపితే సరిగ్గా 45. స్టాంపు చెప్పిన 15 నుంచి లెక్కిస్తే ఏప్రిల్ 1. అప్రూవ్డ్ పడిన 21 నుంచి లెక్కిస్తే ఏప్రిల్ 7. మొదటి తేదీకీ రెండో తేదీకీ మధ్య ఒక్క రోజే తేడా, కానీ ఆ ఒక్క రోజులోనే ఆర్థిక సంవత్సరం మారిపోయింది.

స్టాంపు లోపల ఏం జరుగుతుంది

అక్రోబాట్‌లో స్టాంపుల జాబితా తెరిస్తే డైనమిక్ అనే వర్గం విడిగా కనిపిస్తుంది. అందులో మొదటి నుంచీ ఇచ్చినవి ఐదు: రివ్యూడ్, రివైజ్డ్, రిసీవ్డ్, అప్రూవ్డ్, కాన్ఫిడెన్షియల్. పక్కనే ఉండే స్టాండర్డ్ బిజినెస్ వర్గంలోనూ అప్రూవ్డ్ ఉంటుంది, దాంట్లో తేదీ మాత్రం రాదు. తొందరలో అది నొక్కి, తేదీ పడలేదేమని వెతుక్కోవడం కొత్తవాళ్లకు మామూలే. డబ్బు కట్టనక్కర్లేని రీడర్‌లో కూడా ఈ స్టాంపులు వేయొచ్చు.

డైనమిక్ స్టాంపు నిజానికి ఒక చిన్న పీడీఎఫ్ పేజీ. దాని మీద ఒక ఖాళీ గడి ఉంటుంది, ఆ గడి వెనక రెండు మూడు వరుసల జావాస్క్రిప్ట్ ఉంటుంది. మీరు కాగితం మీద నొక్కిన క్షణంలో ఆ స్క్రిప్ట్ రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఇప్పుడు సమయం ఎంత? నొక్కినవారి పేరేమిటి? వచ్చిన జవాబులను గడిలో నింపి, మొత్తాన్ని ఒక బొమ్మగా మార్చి పేజీ మీద అంటిస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది. రేపు ఫైలు మళ్లీ తెరిచినా ఆ బొమ్మ మీది సమయం మారదు.

సమయం గురించిన ప్రశ్నకు జవాబు చెప్పేది మీ ముందున్న కంప్యూటర్ గడియారమే. ఇంటర్నెట్ సర్వర్ కాదు, మెయిల్ కాదు, అడోబీ కాదు. పేరు గురించిన ప్రశ్నకు జవాబు `Edit > Preferences > Identity` అన్న చోట ఎవరో ఒకసారి టైపు చేసిన పేరు. అకౌంట్స్‌లో ముగ్గురు వాడే ఒకే కంప్యూటర్‌లో, ఒకే లాగిన్‌తో పనిచేస్తే, మొదట కూర్చున్నాయన పేరే మిగతా ఇద్దరి స్టాంపుల మీదా పడుతూ ఉంటుంది. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాక కూడా ఆయన పేరుతో బిల్లులు అప్రూవ్ అవుతూనే ఉంటాయి.

అంటే ఈ స్టాంపు చెప్పేది ఒక్కటే: ఒకానొక కంప్యూటర్ దగ్గర, ఆ కంప్యూటర్ నమ్మిన సమయానికి, ఎవరో నొక్కారు. కాగితం ఎప్పుడు వచ్చిందో, సరుకు ఎప్పుడు దిగిందో దానికి తెలియదు.

మూడున్నర గంటలు తెచ్చే రోజు తేడా

మన సమయం అంతర్జాతీయ ప్రమాణ సమయానికి 5:30 గంటలు ముందుంటుంది, టోక్యో 9 గంటలు ముందుంటుంది. తేడా 3:30. మన రాత్రి 9:10ని వేర్వేరు జోన్‌లలో ఉన్న ల్యాప్‌టాప్‌లు ఎలా ముద్రిస్తాయో చూడండి. తేదీ చలికాలానిది కాబట్టి ఐరోపా, అమెరికాల వేసవి సమయం ఇందులో కలవలేదు.

| ల్యాప్‌టాప్ జోన్ | స్టాంపు మీద పడేది | రోజు తప్పే వేళ, మన సమయంలో |
|---|---|---|
| భారత్ | ఫిబ్రవరి 14, రాత్రి 9:10 | ఎప్పుడూ తప్పదు |
| చైనా | ఫిబ్రవరి 14, రాత్రి 11:40 | రాత్రి 9:30 తర్వాత |
| జపాన్, కొరియా | ఫిబ్రవరి 15, అర్ధరాత్రి దాటి 12:40 | రాత్రి 8:30 తర్వాత |
| ఫ్రాన్స్ | ఫిబ్రవరి 14, సాయంత్రం 4:40 | తెల్లవారుజాము 4:30 లోపు |
| అమెరికా పశ్చిమ తీరం | ఫిబ్రవరి 14, ఉదయం 7:40 | మధ్యాహ్నం 1:30 లోపు |

జపాన్ జోన్ ప్రమాదం రాత్రి షిఫ్టుకే పరిమితం. పట్టికలో చివరి వరుస ఇంకా చేటు. విండోస్ కొత్తగా వేసినప్పుడు టైమ్ జోన్ సరిచేయకపోతే కొన్ని కంప్యూటర్లలో అమెరికా పశ్చిమ తీర సమయమే ఉండిపోతుంది. అక్కడికీ మనకూ చలికాలంలో తేడా 13:30 గంటలు, వేసవిలో 12:30. అప్పుడు ఉదయం వేసిన ప్రతి స్టాంపూ నిన్నటి తేదీ చూపిస్తుంది, మధ్యాహ్నం తర్వాత వేసినవి మాత్రం సరైన తేదీతోనే ఉంటాయి. సగం ఒప్పు, సగం తప్పు కావడంతో పట్టుకోవడం కష్టం. కనిపెట్టే గుర్తు తేదీలో కాదు, గంటలో ఉంటుంది. పగలు పనిచేసే ఆఫీసు స్టాంపుల్లో రాత్రి పదింటి సమయాలు కనబడుతుంటే జోన్ తప్పిందన్నమాట.

జోన్ సరిగానే ఉన్నా గడియారమే తప్పొచ్చు. పాత డెస్క్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఇంటర్నెట్ ఉంటే మళ్లీ సర్దుకుంటుంది. ఈ రెంటినీ విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రెండు వరుసలతో చూసుకోవచ్చు.

```
tzutil /g
w32tm /query /status
```

మొదటి దానికి `India Standard Time` అని జవాబు రావాలి. రెండో దాంట్లో `Source` అన్న వరుస చూడాలి. అక్కడ ఏదైనా టైమ్ సర్వర్ పేరు ఉంటే గడియారం బయటి సమయంతో సరిచూసుకుంటోంది. `Local CMOS Clock` అని ఉంటే దాని పాటికది తిరుగుతోంది, ఎవరూ సరిదిద్దడం లేదు.

ఇది ఇష్టముంటే చేసుకునే పని కూడా కాదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైమ్ సర్వర్లతోనో, వాటితో సరిపోలే సర్వర్లతోనో కలిపి ఉంచాలి. ఎన్‌ఐసీ సర్వర్లలో ఒకటి `samay1.nic.in`.

45 రోజులు ఎక్కడ మొదలవుతాయి

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. దాని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవారు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, డబ్బు కట్టడానికి అంగీకారం రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే.

అంగీకారం రోజంటే ఏమిటో కూడా ఆ చట్టమే చెప్పింది. సరుకు నిజంగా అందిన రోజే అంగీకారం రోజు. కొన్నవారు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితేనే లెక్క మారుతుంది. అప్పుడు సరఫరాదారు ఆ లోపం సరిచేసిన రోజు అంగీకారం రోజవుతుంది. ఈ నిర్వచనంలో రిసీవ్డ్ స్టాంపు లేదు, అప్రూవ్డ్ స్టాంపూ లేదు.

మన ఉదాహరణలో పెట్టెలు దిగింది ఫిబ్రవరి 14న. రాతపూర్వక అభ్యంతరం రాలేదు. కాబట్టి ఆఖరి రోజు మార్చి 31. నాణ్యత విభాగం వారం తీసుకుని అప్రూవ్డ్ వేయడం ఫ్యాక్టరీ లోపలి వ్యవహారం. అకౌంట్స్‌లో 45 రోజుల లెక్కను అప్రూవ్డ్ స్టాంపు దగ్గర మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటు. ఆ తేదీ కాగితం మీద కొట్టొచ్చినట్టు కనబడటమే అందుకు కారణం. లారీ గేటు దాటిన సమయం ఇంకో రిజిస్టరులో ఉంటుంది, అకౌంట్స్ వాళ్ల కంటపడదు.

ఆ అలవాటు ఖరీదెంతో చూద్దాం. ఫ్యాక్టరీ ఏప్రిల్ 7న డబ్బు కట్టిందనుకుందాం. ఆలస్యం 7 రోజులు. 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఆ రోజుల్లో బ్యాంక్ రేటు 6.50 శాతం, మూడు రెట్లు 19.5 శాతం. 4 లక్షల మీద ఏడాదికి 78,000 రూపాయలు, రోజుకు దాదాపు 213.70. ఏడు రోజులకు సుమారు 1,496 రూపాయలు. నెల నిండలేదు కాబట్టి చక్రవడ్డీ ఇంకా కలవలేదు. 23వ సెక్షన్ ప్రకారం ఈ వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి కూడా వీల్లేదు.

అసలు దెబ్బ పన్ను దగ్గర తగులుతుంది. ఆ ఏడాదికి వర్తించిన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న పరిశ్రమకు గడువులోగా డబ్బు కడితే ఆ ఖర్చు అదే ఏడాది లెక్కలోకి వస్తుంది. గడువు దాటితే, కట్టిన ఏడాది లెక్కలోకే వస్తుంది. మార్చి 31 గడువును వదిలేసి ఏప్రిల్ 1న కట్టినా 4 లక్షల ఖర్చు 2024-25లో చూపుకోలేరు, 2025-26కి జరిగిపోతుంది. స్టాంపు మీది ఫిబ్రవరి 15ను నమ్మితే మాత్రం ఏప్రిల్ 1 గడువులోపలే అనిపిస్తుంది. ఆడిటర్ గేటు రిజిస్టరు అడిగిన రోజు ఆ నమ్మకం నిలవదు. టోక్యో సమయం ఉన్న ఒక ల్యాప్‌టాప్ వల్ల 4 లక్షల రూపాయల ఖర్చు ఏ ఏడాదిదో తేలని ప్రశ్నగా మారింది.

మెయిల్ చేరిన వేళ, స్టాంపు పడిన వేళ

సరుకు సంగతి గేటు రిజిస్టరు తేలుస్తుంది. మెయిల్‌లో వచ్చే నోటీసు, టెండరు, అభ్యంతర లేఖల సంగతేమిటి? దీనికి సమాచార సాంకేతిక చట్టం, 2000లో 13వ సెక్షన్ ఉంది. ఇరువర్గాలు వేరేగా ఒప్పుకోకపోతే లెక్క ఇలా ఉంటుంది. ఫలానా మెయిల్‌కు పంపండి అని స్వీకర్త ముందే చెప్పి ఉంటే, కాగితం ఆ వ్యవస్థలోకి ప్రవేశించిన సమయమే అందిన సమయం. చెప్పిన చోటికి కాకుండా స్వీకర్తదే అయిన మరో మెయిల్‌కు పంపితే, ఆయన దాన్ని తీసుకున్న సమయం అందిన సమయం.

మన ఉదాహరణలో చలాన్ స్టోర్స్ మెయిల్‌లోకి చేరింది 8:55కి. మేనేజర్ 9:10కి తెరిచాడు, స్టాంపు 12:40 అంటోంది. చట్టం దృష్టిలో చలాన్ అందింది 8:55కే. అదే శుక్రవారం సాయంత్రం వచ్చిన మెయిల్‌ను సోమవారం పొద్దున తెరిచి రిసీవ్డ్ వేస్తే, గడియారం సరిగ్గా ఉన్నా స్టాంపు రెండున్నర రోజులు ఆలస్యంగా మాట్లాడుతున్నట్టే.

అందుకే అనుమానం వచ్చినప్పుడు స్టాంపును స్టాంపుతో పోల్చి లాభం లేదు, మెయిల్ హెడర్‌తో పోల్చాలి. మెయిల్ పూర్తి వివరాలు తెరిస్తే `Received:` అని మొదలయ్యే వరుసల్లో సర్వర్ వేసిన సమయం ఉంటుంది. చివర `+0530` లాంటి జోన్ అంకె కూడా ఉంటుంది. కొన్ని సర్వర్లు `+0000` అని రాస్తాయి, అప్పుడు 5:30 గంటలు కలుపుకోవాలి. స్టాంపులో లేని ముఖ్యమైన సంగతి ఈ జోన్ అంకెలోనే ఉంది.

సొంత స్టాంపు చేసుకుంటే

సిద్ధంగా ఉన్న స్టాంపులో జోన్ రాదు. చందా కట్టే అక్రోబాట్ ఉన్న ఆఫీసు తన స్టాంపు తానే తయారుచేసుకోవచ్చు. ముందు ఆఫీసు పేరు, గీతల చట్రంతో ఒక పీడీఎఫ్ చేసి, కస్టమ్ స్టాంపుగా చేర్చుకోవాలి. అది `%appdata%\Adobe\Acrobat\DC\Stamps` అనే ఫోల్డరులో అర్థంకాని పేరుతో ఒక ఫైలుగా చేరుతుంది. ఆ ఫైలును అక్రోబాట్‌లో తెరిచి, తేదీ రావాల్సిన చోట ఒక టెక్స్ట్ ఫీల్డ్ గీసి, దాని ప్రాపర్టీస్‌లో `Calculate` ట్యాబ్ కింద కస్టమ్ స్క్రిప్ట్‌గా ఇది రాయాలి.

```
var d = new Date();
var z = d.getTimezoneOffset();
event.value = util.printd("dd-mmm-yyyy HH:MM", d)
  + (z == -330 ? " IST" : " CHECK ZONE");
```

ఇందులో -330 అన్నది మన 5:30 గంటలే, నిమిషాల్లో. టోక్యో జోన్ అయితే -540 వస్తుంది, అప్పుడు స్టాంపు మీద `CHECK ZONE` అని పడుతుంది. స్టోర్స్ మేనేజర్ ఆ రాత్రే చూసుకుని సరిచేసేవాడు. జోన్ సరిగా ఉండి గడియారం మాత్రమే తప్పితే ఈ స్క్రిప్ట్ పసిగట్టలేదు. దానికి పైన చెప్పిన రెండు కమాండ్లే దిక్కు.

స్క్రిప్ట్ రాసేవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు చిన్న అక్షరం, పెద్ద అక్షరం మధ్య. ఇక్కడ `mm` అంటే నెల, `MM` అంటే నిమిషాలు. వేరే ప్రోగ్రాములకు అలవాటుపడి `dd-MM-yyyy` అని రాస్తే నెల రావాల్సిన చోట నిమిషాలు వస్తాయి. ఉదయం 10:42కి నొక్కితే 14-42-2025 అని పడుతుంది, అలాంటి నెల లేదు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. 10:07కి నొక్కితే 14-07-2025 అని పడుతుంది. ఫిబ్రవరి కాగితం జులై కాగితమైపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. గంటలోని 60 నిమిషాల్లో 1 నుంచి 12 దాకా ఉన్నవి నెలల్లా కనిపిస్తాయి. వాటిలో ఒకటి యాదృచ్ఛికంగా ఒప్పవుతుంది, మిగతా 11 తప్పైనా నిజంలా ఉంటాయి. అంటే వంద స్టాంపుల్లో దాదాపు 18 ఇలా మోసం చేస్తాయి. కొత్త స్టాంపును పరీక్షించేటప్పుడు గంట కొట్టిన పది నిమిషాల్లో కాకుండా, 13వ నిమిషం దాటాక వేసి చూడాలి.

నెలను అంకెల్లో కాకుండా మూడు అక్షరాల్లో రాయించే `mmm` వాడటానికి ఇంకో కారణం ఉంది. విదేశీ సంస్థల్లో నెల ముందు రాసేవాళ్లూ, రోజు ముందు రాసేవాళ్లూ కలిసి పనిచేస్తారు. 03/04/2025 మార్చి 4నా, ఏప్రిల్ 3నా? ఏడాదిలో నెలనెలా మొదటి 12 తేదీలు, మొత్తం 144, రెండు రకాలుగా చదవొచ్చు. 1/1, 2/2 లాంటి 12 తేదీలు ఎలా చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలు తగవు పెట్టేవే. అక్షరాల్లో రాస్తే ఆ 132 కూడా మాయమవుతాయి.

స్టాంపు సంతకం కాదు

పీడీఎఫ్ లోపల స్టాంపు స్థానం పసుపు రంగు నోట్, గీత పెట్టిన వాక్యాలతో పాటు కామెంట్ల జాబితాలో. ఎవరైనా ఎంచుకుని డిలీట్ నొక్కితే పోతుంది, జరిపితే జరుగుతుంది. ఒక కాగితం మీది స్టాంపును కాపీ చేసి ఇంకో కాగితం మీద అతికిస్తే బొమ్మ మీద పాత సమయమే ఉంటుంది. సోమవారం వేసిన అప్రూవ్డ్‌ను గురువారం బిల్లు మీద అతికించినా అది సోమవారమే అంటుంది.

కొంతవరకు కనిపెట్టే దారి ఉంది. స్టాంపు మీద కుడి క్లిక్ చేసి `Properties` తెరిస్తే, స్టాంపును చివరిసారి మార్చిన తేదీ విడిగా కనబడుతుంది. బొమ్మ మీది సమయం, ఆ తేదీ ఒకటే అయితే వేసినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదనుకోవచ్చు. వేరైతే జరిపి ఉండొచ్చు, సైజు మార్చి ఉండొచ్చు, అతికించి ఉండొచ్చు. స్టాంపును కాస్త పక్కకు జరిపినా ఆ తేదీ మారుతుంది కాబట్టి తేడా ఉందంటే మోసం జరిగిందని కాదు, అడిగి తెలుసుకోవాలని మాత్రమే. పైగా రెండు తేదీలూ ఒకే కంప్యూటర్ గడియారం ఇచ్చినవైతే రెండూ కలిసే తప్పుతాయి.

సంతకం అవసరమైన చోట డిజిటల్ సంతకమే పెట్టాలి. అది ఫైలులోని అంశం మొత్తానికి ఒక లెక్క కట్టి, దానికి సంతకదారు తాళం వేస్తుంది. తర్వాత ఏదైనా మారితే ఆ లెక్క కుదరదు. టైమ్‌స్టాంపింగ్ సర్వర్‌ను కూడా జతచేస్తే, సమయం మన కంప్యూటర్ నుంచి కాక బయటి సర్వర్ నుంచి వస్తుంది. రెండూ వాడే ఆఫీసులో వరుస ముఖ్యం. ముందు స్టాంపు వేయాలి, తర్వాత సంతకం పెట్టాలి. సంతకం తర్వాత స్టాంపు వేస్తే, సంతకం అయ్యాక ఈ ఫైలులో మార్పు జరిగిందని సంతకాల పేజీ చెబుతుంది. మార్పులకు వీల్లేదని ధ్రువీకరించిన ఫైలైతే స్టాంపే వేయనివ్వదు.

ప్రింటు దగ్గర కూడా ఒక చిక్కుంది. అక్రోబాట్ ప్రింటు పెట్టెలో `Comments & Forms` కింద `Document` ఎంచుకుని ఉంటే కాగితం స్టాంపు లేకుండా బయటికొస్తుంది. `Document and Stamps` ఎంచుకోవాలి. స్క్రీన్ మీద కనబడిన అప్రూవ్డ్, ఆడిట్‌కు ఇచ్చిన కాగితంలో లేకపోవడానికి కారణం సాధారణంగా ఇదే.

తప్పు స్టాంపు పడిపోతే

మొదటి ఆలోచన తప్పు స్టాంపును తీసేసి కొత్తది వేద్దామనే. అలా చేస్తే కొత్త స్టాంపు మీద దిద్దిన రోజు తేదీ పడుతుంది, ఫిబ్రవరి 14 కాదు. గడియారాన్ని వెనక్కి తిప్పి ఫిబ్రవరి 14 వచ్చేలా స్టాంపు వేయడం మాత్రం రికార్డును తారుమారు చేయడమే, ఉద్దేశం మంచిదైనా సరే. తప్పు స్టాంపును అలాగే ఉంచి, పక్కన ఒక నోట్ పెట్టడం సరైన దారి: ‘ల్యాప్‌టాప్ టోక్యో సమయంలో ఉంది. పై సమయం నుంచి 3:30 గంటలు తీసివేయాలి. గేటు రిజిస్టరు ప్రకారం సరుకు అందింది 14-02-2025, సాయంత్రం 6:20.’ ఆ నోట్ కిందే సరైన జోన్‌తో రివైజ్డ్ స్టాంపు వేస్తే, ఎప్పుడు దిద్దారో కూడా రికార్డులో ఉంటుంది.

అకౌంట్స్ వాళ్లు చేయాల్సిన మార్పు ఇంకా చిన్నది. బిల్లు నమోదు చేసే పట్టికలో ఒకే తేదీ గడి ఉంటే దాన్ని మూడు చేయాలి. సరుకు గేటు దాటిన రోజు, కాగితం మెయిల్‌లో చేరిన రోజు, అప్రూవ్డ్ అయిన రోజు. 45 రోజుల లెక్క మొదటి గడి నుంచే కట్టాలి, 15 రోజుల్లోగా రాతపూర్వక అభ్యంతరం ఉంటే తప్ప. రిసీవ్డ్, అప్రూవ్డ్ స్టాంపులు మొదటి రెండు గడుల్లో దేన్నీ నింపవు. ఎవరి టేబుల్ దగ్గర కాగితం ఎన్ని రోజులు ఆగిందో చెప్పడానికే అవి పనికొస్తాయి.

సత్యవేడులో పెట్టెలు చేసే మనిషి వైపు నుంచి చూస్తే, ఫ్యాక్టరీ స్టాంపు వేసిన పీడీఎఫ్ తిరిగొచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు. గేటు దగ్గర చలాన్ కాపీ మీద తేదీ, గంటతో సెక్యూరిటీ సంతకం చేయించుకుని, అదే రోజు మెయిల్‌లో పంపి, పంపిన మెయిల్‌ను దాచుకుంటే చాలు. సరుకు దిగిన రోజుకు మొదటిది సాక్ష్యం, కాగితం చేరిన వేళకు రెండోది సాక్ష్యం. ఎదుటివాళ్ల ల్యాప్‌టాప్‌లో ఏ దేశపు గడియారం నడుస్తున్నా ఆ రెండూ మారవు.